పదో తరగతి రామాయణం: టర్మ్ రివిజన్

పదో తరగతి ఉపవాచకం రామాయణాన్ని ఒక టర్మ్‌లో ఎలా రివిజన్ చేయాలి? కథ తెలుసు, మార్కులే రావట్లేదు.

కథ బాగా తెలిసినవాళ్లే ప్రశ్న వదిలేసి కథంతా రాసేస్తారు. 12 వారాలనుకోండి. మొదటి 6 వారాల్లో వారానికో కాండ: ఒక్క పేజీలో ఎవరు, ఏం చేశారు, ఎందుకు. ‘ఎందుకు’ రాయకపోతే ఆ నోట్సు తర్వాత పనికిరాదు.

తర్వాత 2 వారాలు ఇతివృత్త పటాలు. మధ్యలో ‘ఇచ్చిన మాట’ అని రాసి, ఒక గీత అయోధ్యకాండలో కైకేయి వరాలకు, ఇంకొకటి కిష్కింధకాండలో సుగ్రీవుడి జాప్యానికి, లక్ష్మణుడి కోపానికి గీయండి. ఒకరు మాటకు కట్టుబడ్డారు, ఒకరు మరిచారు. జవాబుకు పనికొచ్చేది ఆ తేడాయే.

మిగతా 4 వారాలు పుస్తకం మూసి, రోజు విడిచి రోజు 10 నిమిషాల్లో ఒక పేరా. మొదటి వాక్యంలోనే జవాబు, తర్వాత రెండు సంఘటనలు. ‘ఆ తరువాత’ మూడుసార్లు కనిపిస్తే మళ్లీ కథలో పడ్డట్టే, తిరగరాయండి.