కూతురు ఒకబ్బాయిని ఇష్టపడుతోందని తెలిసింది, వాళ్ల నాన్నకి చెప్పాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. కాలేజీలో సెకండియర్ అబ్బాయితో ఫోన్లు, మెసేజ్‌లు నడుస్తున్నాయని ఈ మధ్యే తెలిసింది. అడిగితే ఇష్టమని ఒప్పుకుంది, నాన్నకి చెప్పొద్దని ఏడ్చింది. మావారు కాస్త కోపం మనిషి. డిగ్రీ చదివే మా అబ్బాయికి తెలిస్తే ఇంకా గొడవ. ఫోన్ తీసేసుకుని హాస్టల్లో వేసేద్దామా, లేక ఎవరికీ తెలియకుండా నేనే చక్కబెట్టుకోనా?

జవాబు:

మీవారికి చెప్పండి. అలా భార్య చెబితే విన్న తండ్రిని నేను, అందుకే ఆ వైపు నుంచి రాస్తున్నాను. మాది తెనాలి, ఎరువుల కొట్టు. మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీలో ఉంది. ఇది తనకి చూపించి, వద్దన్న ముక్కలు తీసేశాకే పెడుతున్నాను.

మా ఆవిడకి ముందు తెలిసింది. రాత్రిపూట ఫోన్ పట్టుకుని డాబా మీదకి వెళ్లడం చూసి నెమ్మదిగా అడిగితే చెప్పిందట. మా ఇంట్లోనూ మొదటి మాట అదే, నాన్నకి చెప్పొద్దని. దానికి మా ఆవిడ, "దాచడం నావల్ల కాదు. నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా, అది నీ ఇష్టం. ఆదివారం దాకా ఆలోచించుకో" అంది. పిల్ల తల్లినే చెప్పమంది. ఇలా అయితే తల్లి తన వెనకాల పోయి చాడీ చెప్పినట్టు ఉండదు. చెప్పేది చెప్పేముందే పిల్లకి తెలుసు.

నాకు చెప్పింది కొట్టు కట్టేసి వచ్చి అన్నం తిన్నాక, పిల్ల తన గదిలో ఉన్నప్పుడు. ముందే ఒక షరతు పెట్టింది, "ఈ రాత్రికి దాంతో ఏమీ మాట్లాడకూడదు" అని. మీవారు కోపం మనిషి అంటున్నారు కాబట్టి ఈ షరతు మీకు మరీ ముఖ్యం. ఆకలి మీద ఉన్నప్పుడో, బయటికి వెళ్లే హడావుడిలోనో చెప్పకండి. ఆయన మొదట అడిగేది "ఎవరబ్బాయి?" అనే, అంటే మన ఊళ్లలో దాని అర్థం కులమేంటని. మా ఆవిడ దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంది: "సంబంధం చూస్తున్నామా ఇప్పుడు? దానికి పదహారు, వాడికి పదిహేడు." నిజానికి ఆ లెక్క చెవిన పడ్డాకే నా గుండె కాస్త నెమ్మదించింది. పదహారేళ్ల ఇష్టానికి పెళ్లి అనే బరువు పెట్టేది మనమే. పిల్లలు ఫిజిక్స్ రికార్డు గురించి, లెక్చరర్ల మీద జోకుల గురించి మాట్లాడుకుంటుంటే మనం ఇక్కడ పరువు దాకా వెళ్లిపోతాం.

మర్నాడు సాయంత్రం కొట్లో స్టాకు రిజిస్టర్ రాయడానికి రమ్మన్నాను. ఎప్పుడూ వచ్చేదే. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే పోలీసు స్టేషన్‌లా ఉంటుంది. పక్కపక్కన ఏదో పని చేసుకుంటూ అయితే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు, మాట దానంతటదే వస్తుంది. "అమ్మ చెప్పింది. కోపంగా లేను, టెన్షన్ మాత్రం ఉంది" అన్నాను. రాస్తున్న పెన్ను ఆపి, "కాలేజీ మాన్పించేస్తావా నాన్నా?" అని అడిగింది. ఇష్టపడ్డ అబ్బాయి గురించి కాదు, దాని భయమంతా కాలేజీ గురించే. మాన్పించనని, ఫోన్ లాక్కోనని అక్కడే చెప్పేశాను. ఆ రెండు భయాలు పోయేదాకా పిల్ల చెప్పే ప్రతి జవాబూ తనని తాను కాపాడుకోవడానికే ఉంటుంది. మనమేమో దాన్ని నిజమని నమ్ముతూ కూర్చుంటాం.

తర్వాత అడిగినవి మూడే. వయసెంత, పరిచయం ఎలా, నువ్వు వద్దన్నప్పుడు ఊరుకుంటాడా. మూడోది అర్థం కాలేదు దానికి. "ఇవాళ మాట్లాడలేను, చదువుకోవాలి అంటే ఏమంటాడు?" అని విడమరిచి అడిగాను. "సరే అంటాడు, కాసేపు మూతి ముడుస్తాడు" అంది. మూతి ముడవడం వరకు పర్లేదు. పాస్‌వర్డ్ ఇమ్మనడం, లైవ్ లొకేషన్ పెట్టమనడం, ఫ్రెండ్స్‌తో మాట్లాడొద్దనడం, చెయ్యి కోసుకుంటానని బెదిరించడం, ఇంట్లో చెప్పావంటే చూడు అనడం, ఇలాంటివి వింటే మాత్రం అక్కడ ఆగాలి. ఇంకోటి, ఆ అబ్బాయికి పదిహేడు కాకుండా ఇరవై మూడు అని ఉంటే ఇక్కడ రాసిందేదీ నేను చేసేవాణ్ణి కాదు. పదహారేళ్ల పిల్ల వెంట పడే పెద్ద మగాణ్ణి ప్రేమ పేరుతో సహించక్కర్లేదు.

చట్టం సంగతి మా ఆవిడే మాట్లాడింది, ఒంటి సంగతులతో కలిపి, బెదిరింపుగా కాకుండా. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 నిండని వాళ్లందరూ పిల్లలే. ఇష్టపడటం, మాట్లాడుకోవడం నేరం కాదు. శారీరక సంబంధం దాకా వెళితే మాత్రం అమ్మాయి ఒప్పుకుందా లేదా అన్నది చట్టం చూడదు. అబ్బాయి కూడా మైనరే అయితే వాడు జువైనల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాల్సి వస్తుంది. ఇది పిల్లలకి ఎంత తెలియాలో తండ్రులకీ అంతే తెలియాలి. కోపంలో "మా పిల్లని మాయ చేశాడు" అని స్టేషన్‌కి పరిగెత్తితే వైద్య పరీక్షలని, మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలమని తిరగాల్సి వచ్చేది ఆ పిల్లే. బలవంతం జరిగిందంటే అది వేరే మాట, అప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయాల్సిందే.

మేం పెట్టుకున్న కట్టుబాట్లు కొద్దిగానే, అవీ దాంతో బేరమాడి. ఎక్కడికి వెళ్తున్నావో నిజం చెప్పాలి. కలిసేది కాలేజీలోనో, నలుగురు తిరిగే చోటో. రాత్రి పదిన్నరకి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలి. "నీది కూడానా?" అని అడిగింది. నాది కూడా. డీలర్ల గ్రూపులో రాత్రి పదకొండింటికి రేట్లు చూసుకునే అలవాటు నాకు అప్పుడు పోయింది, అందుకు మొదట్లో కాస్త చిరాకు పడ్డమాట నిజమే.

కొంచెం ఎక్కువసేపు మాట్లాడింది ఫొటోల గురించి. హాల్లో అందరి ముందు చూపించలేని ఫొటో ఎవరికీ పంపొద్దు, నువ్వూ అడగొద్దు అని చెప్పాం. చెప్పి ఊరుకోలేదు. "ఒకవేళ పంపేశావనుకో, ఎవరైనా బెదిరించారనుకో, ముందు మా దగ్గరికే రా, తిట్టం" అన్నాం. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం వల్ల పిల్ల ఇంకా భయపడి దాచేస్తుంది. అలా జరిగితే బెదిరింపు మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలని, డబ్బు ఇవ్వకూడదని, cybercrime.gov.in లో ఫిర్యాదు చేయొచ్చని దానికి చూపించాం. 18 లోపు పిల్లల ఫొటోల కోసం Take It Down అనే ఉచిత సేవ ఒకటి ఉంది. ఫొటో మన ఫోన్లోంచి బయటికి వెళ్లదు. దాని గుర్తు లాంటి ఒక సంఖ్య మాత్రమే వెళుతుంది, ఇందులో చేరిన సైట్లు దాన్ని బట్టి ఆ ఫొటోని పట్టుకుని తీసేస్తాయి.

తల్లే గుట్టుగా చక్కబెట్టడం ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఒకసారి మా దూరపు బంధువు ఒకావిడ ఫోన్ చేసి, "మీ పిల్లని జ్యూస్ షాపు దగ్గర ఎవరో అబ్బాయితో చూశాను, చెప్పకూడదు గానీ..." అని మొదలుపెట్టింది. మా ఆవిడ "మాకు తెలుసు వదినా, చెప్పే వెళ్లింది" అంది. అవతల ఇంక మాట లేదు. ఇంట్లో తెలియని సంగతి ఏదైనా ఉంటే, అది తెలిసిన ప్రతివాడూ పిల్ల మీద పెత్తనం చేయొచ్చు. క్లాసులో పడని ఫ్రెండు కావచ్చు, కజిన్ కావచ్చు, రేపు గొడవైతే ఆ అబ్బాయే కావచ్చు. "మీ ఇంట్లో చెప్తా" అనే మాటకి విలువ లేకుండా చేయడమే మేం చేసిన పెద్ద పని. మీరొక్కరే మోస్తే ఆ మాట మీ మీదా పనిచేస్తుంది. పిల్ల అలిగినప్పుడల్లా, మీవారికి అనుమానం వచ్చినప్పుడల్లా మీరు అబద్ధం ఆడుతూ ఉండాలి.

హాస్టల్ సంగతి. మాకు తెలిసిన ఒకాయన ఇదే పరిస్థితిలో సంవత్సరం మధ్యలో పిల్లని తీసుకెళ్లి రెసిడెన్షియల్ కాలేజీలో వేశాడు. డే స్కాలర్ అమ్మాయిల ఫోన్ల మీద మాటలు సాగుతూనే ఉన్నాయి, పైగా ఇంట్లో తల్లికి ఏమీ తెలియడం లేదు. సెలవులకి వచ్చిన పిల్ల తండ్రితో మాట్లాడటం మానేసింది. మనసు బాగాలేని పిల్లని మన కళ్లెదురుగా ఉంచుకోవాలి గానీ, దూరంగా పంపిస్తే ఏం తెలుస్తుంది?

అబ్బాయి వాళ్లింటికి మేం వెళ్లలేదు. వెళితే పంచాయితీ అవుతుంది, వాడికి దెబ్బలు పడతాయి, ఊరికి కబురు. సంక్రాంతికి నలుగురు క్లాస్‌మేట్స్‌తో కలిసి వాడూ ఇంటికొచ్చాడు. అరిసెల పళ్లెం వాడి చేతిలో వణుకుతోంది. ఎంసెట్‌కి ఎలా చదువుతున్నావని అడిగి నేను కొట్టుకి వెళ్లిపోయాను. మధ్యలో పిల్లకి మార్కులు తగ్గాయి. మార్కుల గురించే మాట్లాడాం, వాడి పేరు ఎత్తలేదు.

వాడు బీటెక్‌కి వేరే ఊరు వెళ్లాక మెల్లగా మెసేజ్‌లకి జవాబులు ఇవ్వడం మానేశాడు. అప్పుడు పిల్ల పడ్డ బాధ చిన్నది కాదు. కొన్నాళ్లు అన్నం సరిగ్గా తినలేదు, మా ఆవిడ దాని పక్కనే పడుకునేది. "మేం అప్పుడే అనుకున్నాం" అనే మాట మా ఇంట్లో ఎవరూ అనకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం, మా అమ్మకి కూడా చెప్పి పెట్టాం. వారాలు గడిచినా తిండీ నిద్రా దారికి రాకపోయినా, బతికి ఏం లాభం లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా డాక్టరుకి చూపించాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రయినా పగలయినా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మాకు ఆ అవసరం రాలేదు.

ఇంక మీ అబ్బాయి. వాడికి కాపలా పని అప్పగించకండి, వాడు చేస్తానన్నా ఒప్పుకోకండి. చెల్లెలి ఫోన్ చూడటం, కాలేజీ గేటు దగ్గర నిలబడటం, ఆ అబ్బాయిని పిలిచి "మాట్లాడటం" లాంటివి మొదలైతే కొట్లాటలో తేలేది వాడే. మీవారు వాడితో ఒకే మాట చెప్పాలి: "ఇది మేం చూసుకుంటున్నాం, నువ్వు చెల్లెలితో ఎప్పట్లాగే ఉండు." ఆ మాట తండ్రి నోట రావాలి. మీరు చెబితే వాడు వాళ్ల నాన్న కోసం ఎదురుచూస్తాడు. అందుకే ముందు మీవారికి, ఆ తర్వాతే వాడికి.