బాణం సముద్రంవైపు, పడవ కొత్తవలసలో

“మా అన్నయ్య పడవ కోసం ఫోనులో తెరుచుకునే చిన్న వెబ్ పేజీ రాశాను. విశాఖ హార్బరు నుంచి బేరింగ్ 120, దూరం 12 నాటికల్ మైళ్లు అని ఇస్తే బాణం గుర్తు చక్కగా సముద్రంవైపే తిరుగుతోంది. పడవను చూపే చుక్క మాత్రం కొత్తవలస దగ్గర నేలమీద పడుతోంది. ఫోను దిక్సూచిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి సరిచేశాను. ఫోను మార్చి కూడా చూశాను. ఏ ఫోను కొంటే ఈ బాధ తప్పుతుంది?”
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

ఏ ఫోనూ కొనకండి. మీ ఫోనులో దిక్సూచి బాగానే ఉంది, తప్పంతా మీరు రాసిన రెండు పంక్తుల్లో ఉంది. ఇదే ఫిర్యాదు నాకు డ్రోన్లు ఎగరేసేవారి నుంచీ, భూమి కొలిచేవారి నుంచీ, కళాశాల ప్రాజెక్టులు చేసేవారి నుంచీ వస్తూనే ఉంటుంది. అందరూ ముందు ఫోనునే అనుమానిస్తారు. కోడ్‌ను అనుమానించేవారు అరుదు.

దిక్సూచి ఉత్తరాన్ని సున్నాగా పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెడుతుంది. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. సైన్, కొసైన్లు పుట్టిన గణితం తూర్పును సున్నాగా పెట్టుకుని దానికి ఎదురు దిశలో లెక్కపెడుతుంది. అక్కడ ఉత్తరం 90. మీరు 120ని మార్చకుండా కొసైన్‌కి అందించారు. అది దానిని తూర్పు నుంచి అపసవ్యంగా 120 డిగ్రీలు అనుకుంది. అంటే దిక్సూచి భాషలో 330, వాయవ్యం. ఆ దిక్కున 12 మైళ్లు వెళితే కొత్తవలస కాక ఇంకేం వస్తుంది?

లెక్క వేసి చూద్దాం. గణిత కోణం కావాలంటే 90 నుంచి బేరింగ్ తీసేయాలి. 90 – 120 = –30. రుణ సంఖ్య వచ్చిందని భయపడనక్కరలేదు, సైన్, కొసైన్లకు అది సమ్మతమే. తూర్పుకి 12 × cos(–30°), అంటే 10.4 మైళ్లు. ఉత్తరానికి 12 × sin(–30°), అంటే –6 మైళ్లు, ఆరు మైళ్లు దక్షిణానికి అన్నమాట. ఆగ్నేయం, నడిసముద్రం. మీ కోడ్ వేసిన లెక్కలో తూర్పు స్థానంలో 12 × cos 120°, అంటే –6 ఉంది, ఉత్తరం స్థానంలో 10.4 ఉంది. అంకెలు అవే, స్థానాలు తారుమారు. కావలసిన మార్పు ఇంతే:

```
const t = (90 - bearing) * Math.PI / 180;
const east  = dist * Math.cos(t);
const north = dist * Math.sin(t);
```

మరి బాణం ఎందుకు సరిగ్గా తిరిగింది? వెబ్ పేజీలో బొమ్మను తిప్పే `rotate(120deg)` గడియారం ముల్లు దిశలోనే తిప్పుతుంది. మీ బాణం బొమ్మ మొదట పైకి, అంటే ఉత్తరానికి చూస్తోంది. కాబట్టి బేరింగ్‌ను ఉన్నదున్నట్టు ఇస్తే బాణానికి సరిపోయింది. ఒకే పేజీలో, ఒకే అంకెను ఒకచోట ఒక రకంగా, పక్కనే మరోచోట ఇంకో రకంగా అర్థం చేసుకునే పనిముట్లు మన చేతికిచ్చి, ఆ సంగతి ఎక్కడా చెప్పని వారిమీద నాకు చిరాకే. బొమ్మ గీసే కాన్వాస్‌తో మరో తంటా: అక్కడ కోణం తూర్పు నుంచే మొదలవుతుంది, కానీ నిలువు కొలత కిందికి పెరుగుతుంది కనుక సవ్యదిశలో తిరుగుతుంది. అక్కడ బేరింగ్ నుంచి 90 తీసేయాలి, 90 నుంచి బేరింగ్ కాదు.

ఒక విషయంలో మీరు అదృష్టవంతులు. తూర్పును, ఉత్తరాన్ని తారుమారు చేయడమంటే పటాన్ని ఈశాన్యం నుంచి నైరుతికి గీసిన గీత మీద అద్దంలో చూసినట్టు తిప్పడం. విశాఖ నుంచి భీమిలి వైపు తీరం ఇంచుమించు ఆ గీత వెంబడే పోతుంది. అందువల్ల సముద్రంలో ఉండాల్సినది నేలమీద పడి మీ కంటికి దొరికిపోయింది. ఇదే కోడ్‌ను చెన్నైలో వాడారనుకోండి. అక్కడ తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. బేరింగ్ 60 ఇస్తే చుక్క 30 దిక్కున పడుతుంది. రెండూ సముద్రమే. 12 మైళ్ల దూరానికి ఆరు మైళ్లకు పైగా తేడా వచ్చినా ఎవరికీ అనుమానం రాదు. హార్బరు నుంచి దూరం కొలిచి చూసినా సరిగ్గా 12 మైళ్లే చూపిస్తుంది, ఎందుకంటే ఈ తప్పు దిక్కును చెడగొడుతుంది కానీ దూరాన్ని ముట్టుకోదు.

ఆ గీత మీద ఉన్న దిక్కులకైతే తప్పు అసలే కనబడదు. 45ను 90 నుంచి తీసేసినా 45 వస్తుంది. 225ను తీసేస్తే –135 వస్తుంది, పూర్తి చుట్టు కలిపితే మళ్లీ 225. నైరుతి రుతుపవనాల గాలితో పరీక్షించి ‘అంతా బాగుంది’ అనుకునేవారు జాగ్రత్త, ఆ గాలి సరిగ్గా ఈ గుడ్డి గీత మీదే వీస్తుంది. పరీక్షకు 0, 90, 120, 300 లాంటివి ఇవ్వండి. 0 ఇస్తే తూర్పు సున్నా, ఉత్తరం మొత్తం దూరం రావాలి. 90 ఇస్తే తూర్పు మొత్తం దూరం రావాలి.

గాలి మాట వచ్చింది కనుక: వాతావరణ నివేదికలో గాలి దిక్కు అంటే అది ఎక్కడి నుంచి వస్తోందో ఆ దిక్కు. సముద్ర ప్రవాహానికి మాత్రం ఎటు పోతోందో ఆ దిక్కు చెబుతారు. పడవను గాలి ఎంత నెట్టిందో లెక్కించాలంటే ముందు 180 కలిపి, ఆ తర్వాతే 90 నుంచి తీసేయండి. అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ ఉండే తేడాను కూడా బేరింగ్ దశలోనే సరిచేయాలి. గణిత కోణంలోకి మారాక సరిచేస్తే గుర్తు తిరగబడి, కలపాల్సింది తీసేస్తారు. విశాఖ దగ్గర ఈ తేడా స్వల్పం కాబట్టి అది మీ తప్పును దాచిపెడుతుందే తప్ప పోగొట్టదు. ఈ నిజ ఉత్తరం మీటను అమరికల్లో నాలుగు తెరల కిందికి తోసి, ఏది ఎంచుకున్నామో ముందు తెర మీద చూపని దిక్సూచి యాప్‌లను నేనైతే పడవలోకి రానివ్వను.

చివరి మెట్టు: అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు కనుక 6 మైళ్లు అంటే 6 నిమిషాలే. తూర్పు మైళ్లను మాత్రం అక్షాంశపు కొసైన్‌తో భాగించాలి. మీ దగ్గర అది సుమారు 0.953. 10.4 మైళ్లకు 10.9 రేఖాంశ నిమిషాలు వస్తాయి. హార్బరును 17°42′ ఉత్తరం, 83°18′ తూర్పు అనుకుంటే, పడవ 17°36′ ఉత్తరం, 83°28.9′ తూర్పు దగ్గర ఉండాలి.

ఇప్పుడు మీరు అడగని విషయం, నన్ను ఎక్కువ కలవరపెట్టేది. ఇలాంటి లెక్కలు వేసే ఉచిత యాప్‌లూ, మాక్రోలున్న ఫైళ్లూ వాట్సాప్ గుంపుల్లో చేతులు మారుతుంటాయి. 90 నుంచి ఒక అంకెను తీసేసి కొసైన్ కట్టడానికి ఫోను పుస్తకం ఎందుకు? యాప్ మూసేశాక కూడా మీరెక్కడున్నారో తెలియాల్సిన అవసరం దానికేమిటి? మీ అన్నయ్యకు చేపలు పడే చోట్లు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఆస్తి. ఆ చోట్ల జాబితాను ముక్కూమొహం తెలియని యాప్‌లో నింపితే అది ఎవరి సర్వరులో చేరుతుందో మీకు తెలియదు. తెలియని వారు పంపిన ఫైలు ‘మాక్రోలు అనుమతించండి’ అంటే అనుమతించకండి. మీరు సొంతంగా పేజీ రాసుకోవడమే నయం, దానిలోనూ గుర్తుల జాబితాను ఫోనులోనే ఉంచండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఆపదలో తీరరక్షక దళానికి, 1554కి గానీ రేడియోలో గానీ చెప్పాల్సిన అక్షాంశ రేఖాంశాలు జీపీఎస్ పరికరం తెర మీదివే కావాలి. మీ పేజీ లెక్కగట్టినవి కాకూడదు. అద్దంలో తిరగబడిన స్థానం చెబితే వెతికే ఓడ వెళ్లేది పడవ లేని చోటికి.

“స్ప్రెడ్‌షీట్‌లో తూర్పు, ఉత్తరం దూరాల నుంచి బేరింగ్ తిరిగి తెప్పించాలి. ATAN వాడితే 120కి బదులు –60 వస్తోంది. ఇంటర్నెట్‌లో దొరికిన పైథాన్ సూత్రం పెడితే –30 వస్తోంది.”
– హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థిని

ATAN చేతికి వెళ్లేది రెండు దూరాల భాగహారం ఫలితం మాత్రమే. 10.4ను –6తో భాగించినా, –10.4ను 6తో భాగించినా అదే వస్తుంది కాబట్టి ఆగ్నేయానికీ వాయవ్యానికీ దానికి తేడా తెలియదు. ఈ పనికి ATAN2 ఉంది. కానీ పైథాన్‌లోనూ జావాస్క్రిప్ట్‌లోనూ దానికి నిలువు కొలత ముందు ఇవ్వాలి, స్ప్రెడ్‌షీట్లలో అడ్డం కొలత ముందు ఇవ్వాలి. ఇదెవరి తెలివో గానీ, పైథాన్ సూత్రాన్ని అలాగే తెచ్చి పెట్టినందువల్లే మీకు బేరింగ్‌కి బదులు గణిత కోణం దక్కింది. తూర్పు B2లో, ఉత్తరం C2లో ఉంటే స్ప్రెడ్‌షీట్‌లో ఇలా రాయండి:

```
=MOD(DEGREES(ATAN2(C2,B2)),360)
```

ఇక్కడ ఉత్తరాన్ని అడ్డం కొలత అని నమ్మించడం వల్ల కోణం ఉత్తరం నుంచి తూర్పువైపు తిరుగుతుంది. అదే బేరింగ్, మళ్లీ 90 నుంచి తీసేయక్కరలేదు. MOD లేకపోతే పడమటి దిక్కులన్నీ రుణ సంఖ్యలవుతాయి. జావాస్క్రిప్ట్‌కి మార్చేటప్పుడు అక్కడి `%` రుణ సంఖ్యను రుణంగానే వదిలేస్తుంది కనుక ముందు 360 కలిపి, తర్వాత `%` పెట్టండి.

వెనక్కి వెళ్లేటప్పుడు, అంటే బేరింగ్ నుంచి దూరాలకు, స్ప్రెడ్‌షీట్‌లో RADIANS మరవకండి. SIN(120) అని రాస్తే అది 120 రేడియన్లకు లెక్కగట్టి 0.58 ఇస్తుంది. అసలు రావాల్సింది 0.87. రెండూ సున్నాకీ ఒకటికీ మధ్యనే ఉండటంతో కంటికి అనుమానం రాదు. గడిలో 90 పెట్టి చూడండి, సైన్ సరిగ్గా 1 రాకుండా 0.89 వస్తే RADIANS ఎక్కడో జారిపోయినట్టే.