కుమ్మరి సారె వీడియోకి క్యాప్షన్: కంటికి కనిపించనిదాన్నే రాయండి

ప్రశ్న: మా కుమ్మరి సారె వీడియోలు జనం బాగానే చూస్తున్నారు, వర్క్‌షాప్‌కి మాత్రం ఎవరూ బుక్ చేసుకోవడం లేదు. కప్పు ఎలా తయారైందో కథలా చెబుతూ, చివర్లో క్లాసుకి పిలిచేలా క్యాప్షన్ ఎలా రాయాలి?

మొదట్లో నేను 40 సెకన్ల వీడియో పెట్టి, కింద "మట్టి ముద్ద నుంచి అందమైన కప్పు దాకా! వర్క్‌షాప్ బుకింగ్స్ ఓపెన్" అని రాశాను. నలుగురు వచ్చారు. క్లాసు అవ్వగానే ఒకావిడ సంచీ తెరిచి, "నా కప్పు ప్యాక్ చేసి ఇస్తారా?" అన్నారు. అది అప్పుడే సారె మీద నుంచి తీగతో కోసి పలక మీద పెట్టిన కప్పు. వేలు తగిలితే సొట్ట పడుతుంది. మూడు వారాలు పడుతుందండీ అంటే ఆవిడ ముఖం మాడిపోయింది. తప్పు నాదే. వీడియోలో ముద్ద లేచి కప్పవుతుంది, అక్కడితో ఆగిపోతుంది. చూసేవాళ్లు పని అయిపోయిందనే అనుకుంటారు.

అప్పటి నుంచి వీడియోలో కనిపించేదాన్ని మళ్లీ మాటల్లో రాయడం మానేశాను. రెండు సంగతులే రాస్తాను: ఏ క్షణంలో ఆ కప్పు పాడైపోయేదో, సారె దిగాక దానికి ఏం జరుగుతుందో.

మొదటిది వెతకడానికి మీ వీడియోని నెమ్మదిగా చూడండి. చాలా వీడియోల్లో అది సెంటరింగ్ దగ్గర ఉంటుంది. ముద్ద సారెకి సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా లేస్తుంది. పైకి లాగేకొద్దీ ఊగు పెరుగుతుంది, చివరికి పలచటి వైపు చిరుగుతుంది. చూసేవాళ్లకి మాత్రం ఆ చోట మనం ఊరికే ముద్దని పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. కథ అక్కడే ఉంది. ఏ సెకను దగ్గరో చెప్పి మొదలుపెట్టండి. నేను రాసిన ఒకటి ఇది:

"12వ సెకను దగ్గర నా ఎడమ మోచెయ్యి చూడండి. తొడకి గట్టిగా ఆనించి ఉంది. అది కదిలితే మట్టీ కదులుతుంది.

400 గ్రాముల ముద్ద ఇది. రెండుసార్లు మధ్యకి రాలేదు, మూడోసారి కుదిరింది. ఆ తర్వాత గోడలు లేపడం మీరు చూస్తున్నదే. (వీడియో వేగం పెంచాం. అసలు పట్టింది తొమ్మిది నిమిషాలు.)

ఈ కప్పు ఇంకా కప్పు కాలేదు. రేపటికి కాస్త గట్టిపడ్డాక అడుగు చెక్కుతాను. వారం ఆరనిచ్చి ఒకసారి కాల్చి, గ్లేజ్ పూసి మళ్లీ కాలుస్తాను. ఇప్పుడు 10 సెంటీమీటర్ల ఎత్తుంది, చివరికి 9 దగ్గరికి కుంచించుకుపోతుంది.

ఆదివారం ఉదయం 10 నుంచి 12:30 దాకా ఈ సారె మీద మీరు కూర్చోవచ్చు. ఆరు సారెలు, ఆరుగురే. మొదటి అరగంటా ఆ 12వ సెకను పనే. మీరు చేసిన వాటిలో ఒకటి మేం కాల్చి, మూడు వారాల తర్వాత ఇస్తాం. గోళ్లు కత్తిరించుకుని రండి. సీటు కోసం 'సారె' అని మెసేజ్ పంపండి."

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే మోచెయ్యి వాక్యం పైన ఉంది. "మట్టితో మనసు మాట్లాడింది" లాంటివి అక్కడ పెడితే వృథా. ఆ వాక్యం చదివి జనం వీడియో మళ్లీ మొదటి నుంచి చూస్తారు. క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు కాబట్టి, ఒక మాట మెసేజ్ చేయమంటే సులువు.

వేగం పెంచిన సంగతి తప్పకుండా రాయండి. లేకపోతే క్లాసులో పావుగంటకే "నాకెందుకు రావట్లేదు" అని టెన్షన్ పడతారు.

నా క్యాప్షన్‌లో రెండు లోపాలున్నాయి, మీరు సరిదిద్దుకోండి. ఫీజు రాయలేదు, దాంతో వచ్చిన మెసేజ్‌లలో సగం అదే అడిగాయి. కాల్పులో పగిలితే ఏం చేస్తామో కూడా రాయలేదు. లోపల తడి మిగిలిపోతే అది ఆవిరై, మొదటి కాల్పులోనే కప్పుని పగలగొడుతుంది. మొదటిసారి చేసేవాళ్ల కప్పులకి అడుగు మందంగా ఉంటుంది కాబట్టి ఈ భయం ఎక్కువ. ఇప్పుడు ఒక్కొక్కరివి రెండు ఆరబెట్టి, బాగా వచ్చింది ఇస్తున్నాను, ఆ మాటే క్యాప్షన్‌లోనూ రాస్తున్నాను.

ఇంకొకటి. తేదీ దాటినా వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఆదివారం సాయంత్రమే క్యాప్షన్ తెరిచి తర్వాతి తేదీ మార్చేయండి.