అమ్మ మాట మారిన రోజు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. గురజాల వైపు పల్లె నుంచి గుంటూరు కాలేజీకి వచ్చిన పిల్ల మొదటి రోజే హాస్టల్లో "ఏంది" అంటుంది, అందరూ నవ్వుతారు. మూడో పేజీకల్లా "ఏంటి" అనడం నేర్చుకుంటుంది. సంక్రాంతికి ఇంటికెళ్ళి అమ్మను "మమ్మీ" అంటుంది, అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. బస్సు దిగాక బ్యాగు పట్టీ భుజం మీద ఎర్రగా వాత పెట్టిందని రాశావే, అది నువ్వు పడ్డది. మిగతా కథ మాత్రం ఎవరో చెప్పగా రాసినట్టుంది.

నేనూ ఆ దారిన వచ్చినదాన్నే. 1979లో కారెంపూడి అవతల మా ఊరి నుంచి గుంటూరు వచ్చి ఇంటర్‌లో చేరాను. మొదటి వారంలోనే క్లాసులో "రొండు రోజులు రాలేదు సార్" అన్నాను. ఆ లెక్చరర్ పెన్ను కింద పెట్టి, క్లాసంతా వినేలా "రొండా, రెండా?" అని అడిగాడు. నీ కథలో అయితే ఆ రాత్రే నేను అద్దం ముందు నిలబడి "రెండు" అని పదిసార్లు అనుకోవాలి. నేను అలా చెయ్యలేదు. ఆ మాట అవసరమే రాకుండా వాక్యాలు కట్టుకోవడం మొదలుపెట్టాను. "నిన్నా మొన్నా రాలేదు సార్" అనేదాన్ని. కొట్లో రెండు పెన్నులు కావాలంటే ఒకటి అడిగి, అది చేతికొచ్చాక "ఇంకోటి ఇవ్వండి" అనేదాన్ని. ఇలా దాదాపు రెండు నెలలు. మిగతా వేళల్లో ఆ, ఊ, సరే, అంతే.

కొత్త మాట వచ్చే ముందు నోరు మూతపడుతుంది. నీ కథలో ఆ నిశ్శబ్దం లేదు. నవ్వులపాలైన పిల్ల వెంటనే మారిపోతే చదివేవాళ్ళకి అది తెలివైన పిల్లలా కనిపిస్తుంది, భయపడిన పిల్లలా కనిపించదు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లని ముందు ఒక పేజీలో చూపించు, తర్వాత హాస్టల్లో నాలుగు పేజీల పాటు ఒక్కో మాటకే కుదించు. ఎందుకని ఎక్కడా చెప్పకు.

నోరు తెరుచుకున్నాక కూడా అన్నీ ఒకేసారి మారవు. ముందు మారేవి ప్రశ్నలు: ఏంది, ఎట్టా, యాడ. రోజుకి యాభైసార్లు అవసరమయ్యేవి కాబట్టి అవే ముందు దొరికిపోతాయి, అవే ముందు దిద్దుకుంటాం. క్రియల చివర మాత్రం అంత త్వరగా లొంగదు. మనవైపు "వచ్చిద్ది", "అయిద్ది" అంటాం కదా, ఆ చివరి "ద్ది" మన చెవికే వినపడదు. అందుకే "ఏంటి, బస్సు ఇప్పుడు వచ్చిద్దా?" లాంటి వాక్యం పుడుతుంది. ముందు సగం హాస్టల్ది, వెనక సగం ఊరిది. నీ కథలో ఆ పిల్ల నోట ఇలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు. మొదటి సంవత్సరమంతా ఆమె మాట్లాడాల్సింది ఈ అతుకుల భాషే. ఇక దెబ్బ తగిలినప్పుడు, కోపం వచ్చినప్పుడు, డబ్బులు లెక్కపెట్టేటప్పుడు పాత మాటే వస్తుంది. మెస్ బిల్లు చిల్లర ఎంచేటప్పుడు నేను చాలాకాలం లోపల "రొండు" అనే అనుకున్నాను.

ఇంకో పొరపాటు చేశావు. గుంటూరు మొత్తాన్ని "ఏంటి" అనే ఊరిగా చూపించావు. భాషావేత్తలు తెలుగు మాండలికాల్ని నాలుగు మండలాలుగా విభజించినప్పుడు ఉభయ గోదావరులు, కృష్ణా, గుంటూరు ఒకే మండలంలోకి వచ్చాయి. పల్నాడు 2022లో వేరే జిల్లా అయింది కానీ, అంతకు ముందు ఆ పిల్ల ఊరు కూడా గుంటూరు జిల్లాలోనిదే. తేడా సన్నం కాబట్టే పట్టుకోవడం కష్టం. పైగా మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీ "ఏంది" అంటాడు. బస్టాండు బయట ఆటో అతను "యాడికమ్మా" అంటాడు. మెస్సులో కూర వడ్డించే ఆమె "ఇంకొంచెం ఎయ్యనా" అంటుంది. ఆ పిల్లను భయపెట్టే భాష ఊళ్ళో చాలా తక్కువ చోట్ల ఉంది. క్లాసు, హాస్టల్ గది, బ్రాడీపేటలో నాలుగు ఇళ్ళు. నేను ఒకసారి మెస్సామెతో చాలా జాగ్రత్తగా "కూర ఏమిటండీ?" అన్నాను. ఆమె గరిటె ఆపి నా మొహం చూసి, "ఏ ఊరమ్మా మీది?" అంది. నా సొంత భాష మాట్లాడే మనిషికి నేను పరాయి ఊరి పిల్లలా కనిపించాను. ఇలాంటి చోట కథ ఉంటుంది. నీ పిల్లను గదిలోంచి బయటికి తీసుకురా. ఎవరి ముందు ఏ మాట వాడుతోందో చూపించు.

దానికి ఇవాళ నీ చేతిలో ఫోన్ ఉంది, నా రోజుల్లో అది లేదు. రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ఆ పిల్ల ఎక్కడ నిలబడి మాట్లాడుతుంది? సెప్టెంబరులో అయితే గదిలోంచి లేచి, వరండా చివర నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి మాట్లాడుతుంది. "ఏందమ్మా, తిన్నారా" అంటుంది. డిసెంబరులో మంచం మీద నుంచి లేవకుండానే మాట్లాడుతుంది. గదిలో వాళ్ళంటే బెరుకు పోయిందా, లేక ఫోన్‌లో కూడా భాష మారిపోయిందా? అది ఆమె అనే మొదటి మాటలో తెలియాలి. "ఏందమ్మా" అంటే ఒక కథ, "చెప్పమ్మా" అంటే ఇంకో కథ.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పిల్ల ఎవరి బిడ్డో నీ కథలో తెలియలేదు. కులం పేరు రాయమని కాదు, పలకరింపులు రాయమంటున్నాను. ఊళ్ళో మనం పిన్నీ, మావా, పెద్దయ్యా అంటూ నువ్వు అని పిలుచుకుంటాం. పట్నంలో ఆంటీ, అంకుల్, మీరు. దీన్ని చాలామంది ఆప్యాయత పోయి మర్యాద వచ్చినట్టు రాస్తారు. నువ్వూ అలాగే రాశావు. అది కొందరి సంగతి. నా పక్క బెంచీ అమ్మాయి మా వైపు ఊరి మాలపల్లె నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నకి అప్పటికే యాభై దాటాయి. ఊళ్ళో ఆ పిల్ల వయసు మగపిల్లలు కూడా ఆయన్ని "ఏరా" అనేవాళ్ళు. ఫీజు కట్టడానికి ఆయన కాలేజీ ఆఫీసుకి వచ్చిన రోజు, గుమాస్తా రసీదు పుస్తకం ఆయన వైపు తిప్పి, తల కూడా ఎత్తకుండా "ఇక్కడ సంతకం చేయండి" అన్నాడట. ఆయన పెన్ను పట్టుకుని ఆగిపోయాడట. "చేయండి అన్నాడే, మా నాన్నని" అని ఆ సాయంత్రం నాతో మూడుసార్లు చెప్పింది. ఆ గుమాస్తాకి అది రోజూ అనే మాట. ఆమెకి పట్నం భాష అంటే అదీ. ఆమె ఊరి మాటను త్వరగా వదిలేసింది, వెనక్కి తిరిగి చూడలేదు. ఆమెను నేను తప్పుపట్టలేను.

పట్నం మర్యాద అంతా అలాంటిదే అని కూడా అనుకోకు. ఊళ్ళో "మీరు ఏమోళ్ళు?" అని మొహానే అడుగుతారు. హాస్టల్లో అలా అడగరు. "మీ ఇంటిపేరేంటి?" అంటారు, అదీ చాలకపోతే "మీ ఇల్లు ఊళ్ళో ఎటువైపు?" అంటారు. మన్నించి మాట్లాడే ఆ గొంతులో ప్రశ్న మాత్రం పాతదే. నీ పిల్లకి ఆ ప్రశ్న ఎదురైందా? ఏం చెప్పింది? ఆ జవాబు రాస్తే ఆమె ఎవరో నాకు తెలుస్తుంది.

సంక్రాంతి దృశ్యం మళ్ళీ రాయి. "మమ్మీ" తీసెయ్. ఆరు నెలల్లో ఏ పల్నాటి పిల్లా అమ్మను మమ్మీ అనదు. అంది అనుకున్నా, ఊళ్ళో వాళ్ళు దాన్ని నవ్వి వదిలేస్తారు. నాకు జరిగింది చెప్తాను, నీకు పనికొస్తే తీసుకో.

మొదటి ఏడు సంక్రాంతికి ఇంటికెళ్ళాను. తొలి కోత మిరపకాయలు కల్లంలో ఆరబోశారు. అమ్మ ముక్కుకి కొంగు కట్టుకుని తాలుకాయలు ఏరుతోంది. పక్కన మా పిన్ని. నేను వెళ్ళి గోనెపట్టా మీద కూర్చున్నాను. అప్పటిదాకా పిన్నితో "రేత్రి మంచు పడిద్దేమోనే, పొద్దుగూకేలోపు కుప్ప జేసి పట్టా కప్పాల" అంటున్న అమ్మ, నా వైపు తిరిగి, "అన్నం తింటావా?" అంది. మా ఇంట్లో ఆ మాట లేదు. "బువ్వ తింటావా" అనేది. నేను అప్పటికి ఇంటి దగ్గర ఒక్క పట్నం మాట కూడా అనలేదు, ఒట్టు. చాలా జాగ్రత్తగా ఉన్నాను. అమ్మ నా కంటే జాగ్రత్తగా ఉంది. పిన్నితో ఒక భాష, నాతో ఒక భాష. నేను "బువ్వే తింటానమ్మా" అన్నాను. గొంతులో అది కావాలని అన్న మాటలా వినపడింది. అమ్మ ఏమీ అనలేదు, మళ్ళీ కాయల వైపు తిరిగింది.

మన కథల్లో అందరూ కూతురి మాట ఎలా మారిందో రాస్తారు. అమ్మ మాట ఎప్పుడు మారిందో చూడరు. నీ కథకి ప్రాణం ఆ కల్లం దగ్గర ఉంది, కళ్ళు తుడుచుకునే చోట లేదు.

రాత గురించి ఒక్కటి. నువ్వు అమ్మ మాటల్ని "రేత్రి", "ఎయ్యి" అని పలికినట్టే రాసి, వార్డెన్ మాటల్ని మాత్రం పుస్తకంలో ఉన్నట్టు రాశావు. వార్డెన్ మాత్రం అలా మాట్లాడుతుందా? "యాక్చువల్‌గా మీరు లేట్ అయితే ఇన్ఫామ్ చెయ్యాలి కదమ్మా" అంటుంది. ఇద్దరినీ చెవికి వినపడినట్టే రాయి, లేకపోతే ఇద్దరినీ దిద్దు. ఒక్క అమ్మనే యాసలో నిలబెడితే చదివేవాళ్ళు ఆమెను కింద నుంచి చూడరు, పై నుంచి చూస్తారు. కథ చెప్పే గొంతులో కూడా కల్లం, తాలు, గోతం లాంటి మాటలు వాడు, వాటి పక్కన అర్థాలు రాయకు. వ్యవసాయం మాటల్లో అనుమానం వస్తే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం చూడు. ఒకే పనిముట్టుకి ఏ జిల్లాలో ఏ పేరో అందులో దొరుకుతుంది.

ఈ సంక్రాంతికి ఎటూ ఊరికి వెళ్తావు. కథ కాగితాలు గుంటూరులోనే పెట్టి వెళ్ళు. మీ అమ్మ పక్కింటామెతో మాట్లాడేటప్పుడు కాసేపు విను, నీతో మాట్లాడేటప్పుడు కాసేపు విను. ఏ మాట దగ్గర తేడా వచ్చిందో రాసుకుని, ఆ ఒక్క పేజీ నాకు పంపు. మిగతా కథ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి మనిషి
గుంటూరు