పారసైట్ స్లైడ్లు అప్పుగా అడిగే లెటర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా స్లైడ్లు సగం వెలిసిపోయాయి. మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ వాళ్లను టీచింగ్ కోసం కొన్ని అప్పుగా అడగమన్నారు మా మేడమ్. లెటర్ ఎలా రాయాలి?

జవాబు: నేను మొదటిసారి "కొన్ని పారసైట్ స్లైడ్లు ఇప్పించగలరు" అని ఒక్క ముక్క రాసి పంపిన. మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. స్వయంగా వెళ్తే అక్కడి టెక్నీషియన్ అన్న నవ్వి, "ఏ స్లైడో రాయకుంటే నేను ఏ డబ్బా తీయాలి తమ్మీ?" అన్నాడు.

అందుకే పరాన్నజీవి పేరు, దశ, స్టెయిన్, ఎన్ని కావాలో నాలుగూ రాయండి. స్టెయిన్ రాయకుండా రెండోసారి కూడా దెబ్బ తిన్నాను. వుచెరేరియా మైక్రోఫైలేరియా అడిగితే జీమ్సా వేసిన స్లైడ్ ఇచ్చారు. దాని చుట్టూ ఉండే పొర జీమ్సాలో సరిగా రంగు పట్టదు. పిల్లలేమో రికార్డులో పొర గీసుకుని, మైక్రోస్కోప్‌లో దాని కోసమే వెతుకుతున్నారు! పొర చూపించాలంటే హెమటాక్సిలిన్ వేసినది అడగాలి.

లెటర్ మీ హెచ్‌ఓడీ సంతకంతో, ప్రిన్సిపాల్ ద్వారా వాళ్ల హెచ్‌ఓడీకి వెళ్లాలి. అసలు విషయం ఇంతే:

"మా విద్యార్థుల ప్రాక్టికల్స్ కోసం కింది స్లైడ్లు 10 రోజులకు అప్పుగా ఇప్పించగలరు. ప్లాస్మోడియం ఫాల్సిపారం గామెటోసైట్, లీష్మన్ స్టెయిన్, 1. వుచెరేరియా మైక్రోఫైలేరియా, హెమటాక్సిలిన్ స్టెయిన్, 1. మీ దగ్గర ఒక్కటే ఉన్న స్లైడ్ అయితే ఇవ్వనవసరం లేదు, అక్కడికే వచ్చి ఫోటో తీసుకుంటాం. లేబుల్‌పై పేషెంట్ పేరు లేకుండా నంబరు మాత్రమే ఉన్నవి ఇవ్వగలరు. స్లైడ్లను మా ల్యాబ్ టెక్నీషియన్ స్వయంగా తీసుకెళ్లి, తిరిగి అప్పగిస్తారు."

ఫాల్సిపారంలో గామెటోసైటే ఎందుకు అడగాలంటే, అరటికాయలా వంగి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు కూడా ఇట్టే పట్టేస్తారు. రింగ్ దశ వైవాక్స్‌లోనూ ఉంటుంది, చూసి గందరగోళపడతారు.

ఒక జాగ్రత్త. రక్తం పూతలపై చాలాసార్లు కవర్‌స్లిప్ ఉండదు. 100ఎక్స్ కింద చూశాక ఆయిల్‌ను పొడి దూదితో తుడిచి, ఒక పూత మీద గీత పడేలా చేశాను. క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. లెన్స్ పేపర్‌ను కొంచెం జైలీన్‌తో తడిపి, రుద్దకుండా అద్దాలి. కవర్‌స్లిప్ ఉన్నదైతే అంచుల్లోకి జైలీన్ పోనివ్వొద్దు, లోపలి డీపీఎక్స్ కరుగుతుంది.

తీసుకునే రోజే అక్కడ ఒక్కో స్లైడ్‌ను వెలుగులో పెట్టి చూసి, ఉన్న లోపాలు జాబితాలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మాకిచ్చిన వాటిలో ఒకదాని మూల ముందే విరిగి ఉంది. వాపసు ఇచ్చేటప్పుడు "ఇది మీరే విరగ్గొట్టారా?" అని అడిగితే, ఆ కాగితం తీసి చూపించాను.