సంతకం పెట్టకపోతే అబ్బాయి నొచ్చుకుంటాడేమో!

ప్రశ్న: మావారు టీచరుగా రిటైరై, నాలుగు నెలల క్రితం పోయారు. నాకు 67. తెనాలిలో ఆయన సంపాదించి కట్టిన ఇల్లు ఆయన పేరే ఉంది, వీలునామా లేదు. ఇంట్లో నా హక్కు వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాసి హైదరాబాద్ వచ్చేయమంటున్నాడు మా అబ్బాయి. నా ఖాతాలో తన పేరు కూడా కలపమంటున్నాడు. అమ్మాయి "నీ ఇష్టం" అంటోంది. అబ్బాయి చెడ్డవాడు కాదు. కానీ నాకు ఇక్కడే ఉండాలనుంది. బ్యాంకు పనులేమో ఒక్కటీ తెలియవు.

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. ఈ ఇంటి విషయంలో మీకు తొందరేమీ లేదు. మీ వారు పోయిన క్షణానే మీకు, అబ్బాయికి, అమ్మాయికి సమానంగా మూడో వంతు చొప్పున హక్కు వచ్చేసింది. హిందూ వారసత్వ చట్టం చెప్పేది అదే. మీ అత్తగారు బతికి ఉంటే మాత్రం నాలుగు వాటాలవుతాయి. ఆ హక్కు కోసం ఎవరూ కాగితం రాయక్కర్లేదు, ఫలానా తేదీలోగా తేల్చాలన్న గడువూ లేదు. సంవత్సరీకం అయ్యేదాకా దస్తావేజుల మాట ఎత్తొద్దని అబ్బాయితో నేరుగా చెప్పండి.

రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయిందంటే మీ వాటా పోయినట్టే. మనసు మారిందని మీరొక్కరే వెళ్లి రద్దు చేసుకోలేరు. సివిల్ కోర్టులో మోసమో, ఒత్తిడో రుజువు చేయాలి. తల్లిదండ్రుల సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉందిగా అంటారు కొందరు. నిజమే. బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. కానీ 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులో ఓ తల్లి కూతుళ్లకు రిలీజ్ డీడే రాసింది. అందులో ఆ షరతు లేదు, ఉన్నట్టు వేరే రుజువూ లేదు. ఆమె ఓడిపోయింది. 2025లో ఒక గిఫ్ట్ డీడ్ కేసులో కోర్టు తల్లి పక్షాన నిలిచింది, అయితే అక్కడ చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది.

నా సలహా అబ్బాయి అడిగినదానికి తిరగేసి ఉంటుంది. పిల్లలిద్దరూ తమ వాటాలు మీ పేర విడుదల చేస్తే, ఇల్లు పూర్తిగా మీదవుతుంది. అప్పుడు మీరు పిల్లలకు వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పిల్లలు ఒప్పుకోకపోతే మూడు వాటాలూ అలాగే ఉంచండి. అబ్బాయికి పంపకం అడిగే హక్కు ఉంటుంది, ఆ సంగతీ దాచను. కానీ మీ మూడో వంతు మీదే.

ఖాతా సంగతి. 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని జాయింటు పెడితే, మీ సంతకం లేకుండా అతను మొత్తం తీసేయగలడు. దానికి బదులు బ్యాంకులో మాండేట్ ఇవ్వండి. ఖాతా మీ ఒక్కరిదే, మీ తరఫున లావాదేవీలు చేయడానికి అతనికి అనుమతి ఉంటుంది. మీరు ఎప్పుడు చెప్పినా అది ఆగిపోతుంది. మెసేజ్‌లు మాత్రం మీ ఫోనుకే రావాలి. ఇంకో మాట: మీవారి ఖాతాలో ఆయన పోయిన తర్వాత పెన్షన్ పడి ఉంటే, ఏటీఎం కార్డుతో తీయకండి. ట్రెజరీ తిరిగి వసూలు చేస్తుంది. మరణ ధ్రువపత్రం, ఆయన పెన్షన్ ఉత్తర్వు కాగితం పీపీఓ తీసుకెళ్లి ఫ్యామిలీ పెన్షన్‌కి అర్జీ పెట్టండి. ఆయన డిపాజిట్లకు నామినీ ఎవరైనా, ఆ డబ్బు వారసులందరిదీ. నామినీ తీసుకుని పంచాలి.

మొన్న ఒకావిడ, మీ వయసే, భర్త పాస్‌బుక్కులున్న ప్లాస్టిక్ కవరు నా టేబుల్ మీద పెట్టారు. దాని మీద ఆయన చేతిరాతతో 'ఇంటి పన్ను' అని ఉంది. కవరు వదలకుండా పట్టుకునే కూర్చున్నారు. పక్కనున్న కొడుకు ప్రతి ప్రశ్నకూ తనే జవాబు చెబుతుంటే, "బాబూ, కాసేపు బయట కాఫీ తాగి రా" అన్నాను. ఆవిడ అప్పుడు నోరు విప్పారు. విత్‌డ్రాయల్ ఫారం నింపడం రాదట. నా ముందే రెండు వేలకు ఒకటి నింపించాను. రెండోది తనే రాసుకున్నారు.

అలా పక్కనుండి నేర్పించే పని మీ అబ్బాయికి అప్పగించండి. శనివారం వచ్చి మీతో పాటు బ్యాంకుకు రమ్మనండి, ఫారం మాత్రం మీరే నింపండి. హైదరాబాదుకు చుట్టపుచూపుగా ఓ పదిహేను రోజులు వెళ్లి చూడండి, ఇంటి తాళం మీ దగ్గరే ఉంచుకుని. దస్తావేజు ఏదైనా ముందుకు వస్తే సంతకానికి ముందు తెనాలి కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు చూపించండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా సలహా ఇస్తారు.