తలుపు ముందు, తాళంచెవి తరువాత

చిరంజీవికి,

నీ వీడియో గేమ్ కోసం నువ్వు గీసి పంపిన ఇరవై ఆరు గదుల మ్యాప్ అందింది. గదులకు పెట్టిన పేర్లు బాగున్నాయి, గీత శుభ్రంగా ఉంది. అయితే ఈ ఉత్తరం రాయడానికి కారణం అవి కావు. పదిహేడో గది పక్కన పెన్సిలుతో నువ్వు రాసుకున్న ఒక చిన్న వాక్యం నన్ను రెండు రోజులు వేధించింది: "డబుల్ జంప్ దొరికాక ఆటగాడు ఇక్కడి నుంచి మూడో గదికి తిరిగి నడుస్తాడు." గాలిలోనే రెండోసారి గెంతే ఆ శక్తితో మూడో గదిలోని ఎత్తైన అరుగు ఎక్కడానికి నడుస్తాడని నువ్వు అనుకుంటున్నావు. నడవడు. ఆట ఆపేసి పడుకుంటాడు, మర్నాడు ఎక్కడికి వెళ్లాలో గుర్తుండక మళ్లీ తెరవడు.

లెక్క వేసి చూడు. పదిహేడు నుంచి మూడుకు పద్నాలుగు గదులు. ఒక్కో గదికి పదిహేను సెకన్లు వేసుకున్నా మూడున్నర నిమిషాలు. పైగా, చంపిన శత్రువులు గది మారగానే మళ్లీ పుడతారని నువ్వే రాశావు. కొత్త శక్తి చేతికి వచ్చిన క్షణంలో మనిషికి ఉండే ఉత్సాహం అంతసేపు నిలవదు. ఎగరాలని ఉవ్విళ్లూరేవాడికి, ఎగరడానికి ఏమీ లేని పద్నాలుగు గదులు అప్పగించావు.

దీనికి మూలం నువ్వు గీసిన గీతలోనే ఉంది. ఒకటో గది నుంచి ఎనిమిదో గది వరకు గని, అక్కడి నుంచి పదిహేడు వరకు తడి గుహలు, అంతా కాగితం మీద ఎడమ నుంచి కుడికి సాగిపోయింది. ఇది మ్యాప్ కాదు, తాడు. తాడు చివరికి చేరినవాడు అదే తాడు పట్టుకుని వెనక్కి రావలసిందే. కొత్త శక్తి దొరికాక పాత గదులకు తిరిగి వచ్చే ఈ రకం ఆటల్లో మ్యాప్ ఉంగరాల గొలుసులా ఉండాలి. ప్రతి ప్రయాణమూ కొత్త చోట మొదలై, తెలిసిన చోట తేలాలి.

నీ మ్యాప్‌నే తీసుకుని చెబుతాను. గనిలో ఒక్క గదినీ కదిలించకు. తడి గుహలను మాత్రం కుడికి పోనిచ్చి, పదో గది దగ్గర పైకి మలిచి, అక్కడి నుంచి ఎడమకు తిప్పు. అప్పుడు పదిహేడో గది సరిగ్గా నాలుగో గది నెత్తిన కూర్చుంటుంది. ఆ గదిలోకి ఆటగాడు ఒక గుంతలోకి దూకి రావాలి, డబుల్ జంప్ ఆ గుంత అడుగునే దొరకాలి, గుంత అంచు మామూలు గెంతుకు అందకూడదు. అంటే దొరికినదాన్ని వాడి చూస్తేనే బయటపడతాడు. నేర్పడానికి తెర మీద అక్షరాలు అక్కర్లేదు. గుంత అవతలి అంచున పాతబడిన చెక్కనేల పెట్టు. దాని మీదికి ఎత్తు నుంచి దూకితే విరిగి, ఆటగాడు కిందనున్న నాలుగో గదిలో పడతాడు. అక్కడి నుంచి ఎడమకు ఒక్క గది దాటితే మూడో గది, దాని గోడమీది ఎత్తైన అరుగు. పద్నాలుగు గదుల దారి రెండు గదులయింది.

అయితే ఇంతటితో పని కాలేదు. ఆటగాడు పడిన చోటు నాలుగో గది అని అతనికి తెలియాలి. నా మొదటి ఆటలో ఈ ఒక్క విషయంలో నేను ఏడు నెలలు తప్పుదారిన పోయాను. దగ్గరి దారులు దండిగా పెట్టాను, లిఫ్టులు గీశాను, గుహ చివర నుంచి మొదటి ఊరి వెనుక గదిలోకి తీసుకొచ్చి దింపాను. జనంచేత ఆడించి చూసే ప్లేటెస్ట్‌కు కూర్చున్న ఆరుగురిలో ఒక్కరూ "అరే, ఇక్కడికా వచ్చాం" అనలేదు. ఒకామె అది కొత్త చోటనుకుని మ్యాప్ తెరిచి చూసుకుంది. కారణం చాలా సులభం. ఆ గదికి మొదటిసారి వచ్చినప్పుడు చూడదగినది ఏదీ నేను అక్కడ పెట్టలేదు. గుర్తులేని చోటికి తిరిగి రావడం తిరిగి రావడమే కాదు. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో చర్చి నుంచి లిఫ్ట్ దిగితే మొదట్లో కూర్చున్న మంట దగ్గరికి చేరినప్పుడు కలిగే ఆశ్చర్యమంతా ఆ మంట వల్లనే. లిఫ్ట్ వల్ల కాదు.

కనుక నాలుగో గది పైకప్పులో ఆ చెక్కపలకలు మొదటిసారే కనిపించాలి. సందుల్లోంచి తడిగుహల నీలం వెలుగు కారనీ, ఒక నీటిచుక్క పడుతూ ఉండనీ. ఆటగాడు కింద నిలబడి రెండుసార్లు గెంతి, అందక, ముందుకు పోతాడు. నలభై నిమిషాల తరువాత అదే పలక విరుచుకుని అదే చుక్క పక్కన పడ్డప్పుడు అతని తలలో మ్యాప్ మడత పడుతుంది. మనం ఈ పని చేసేది ఆ మడత కోసమే.

నా మొండిపట్టు అంతా ఇక్కడే ఉంది. తలుపును ముందు చూపించాలి, తాళంచెవిని తరువాత ఇవ్వాలి. ఈ వరుస తిరగబడితే శక్తి వస్తేగానీ దాటలేని అడ్డంకి, అంటే ఎబిలిటీ గేట్ అనేదే ఉండదు, దొరికిన వస్తువుకు పని కల్పించిన గది మాత్రమే మిగులుతుంది. 1986లో వచ్చిన మొదటి మెట్రాయిడ్‌లో ఆటగాడు అలవాటు కొద్దీ కుడికి పోతాడు. అక్కడ నిలబడి దూరలేని ఇరుకు సందు ఎదురై వెనక్కి తిరుగుతాడు. బయలుదేరిన చోటికి ఎడమ పక్కనే, బంతిలా ముడుచుకునే శక్తి అతని కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. తలుపు, తరువాత తాళంచెవి, మళ్లీ తలుపు. ఒక్క మాట కూడా లేకుండా, ఎడమకు కూడా నడవవచ్చని నేర్పింది ఆ చిన్న చుట్టే. నీ మ్యాప్‌లో ఒక్క ఉదుటున ముందుకు దూసుకుపోయే డాష్ తొమ్మిదో గదిలో దొరుకుతుంది, డాష్ కావలసిన మొదటి అగాధం పదో గదిలో వస్తుంది. ఆ అగాధాన్ని ఐదో గదిలో ఒకసారి చూపించు. దాని అవతల ఏదైనా మెరుస్తూ ఉండనీ.

నీ రంగు తలుపుల గురించి కూడా చెప్పాలి. ఎర్ర తలుపుకు ఎర్ర రాయి, పచ్చ తలుపుకు పచ్చ రాయి. ఆ రాయి తలుపు తెరవడం తప్ప ఇంకేమీ చేయదు. పెద్దవాళ్లూ ఇలా చేశారని నువ్వు అంటావు, నిజమే. 1997 నాటి సింఫనీ ఆఫ్ ది నైట్‌లో నీలం తలుపులు తెరిచే రత్నాన్ని గ్రంథాలయం ముసలాయన దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవడమే. అదే ఆటలో పొగమంచుగా మారి కటకటాల సందుల్లోంచి దూరిపోవడమూ ఉంది. ఈ రెండింటిలో ఏది గుర్తుండిపోతుందో ఆడినవాళ్లను అడుగు. సూపర్ మెట్రాయిడ్‌లో (1994) రంగు తలుపులున్నాయి, కానీ వాటిని తెరిచే క్షిపణులు పోరాటంలోనూ పనికొస్తాయి. అదే ఆటలో ఒక లోతైన బావి ఉంది. దానిలో పడితే చిన్న జంతువులు గోడ నుంచి గోడకు గెంతి చూపిస్తాయి. అక్కడ దొరికే వస్తువేమీ లేదు. ఆటగాడికి మొదటి నుంచీ చేతనైన పనే, చేతనవునని అతనికి తెలియదు, అంతే. గేటు అంటే కదలికలో ఒక కష్టం కావాలి. నీ ఎర్ర రాయిని తీసేస్తే ఆటకు ఏ లోటూ రాదు.

ఇక కొలతలు. నీ బొమ్మ మామూలు గెంతుతో నాలుగు గడులు, డబుల్ జంప్‌తో ఏడు గడులు లేస్తుంది. మూడో గది అరుగును ఐదు గడుల ఎత్తున గీశావు. ఇది చాలా చెడ్డ ఎత్తు. ఆటగాడి వేళ్లకు అది "కొద్దిలో తప్పింది" అనిపిస్తుంది, తన గెంతులోనే లోపముందనుకుని ఇరవైసార్లు ప్రయత్నిస్తాడు. ఆరు గడులు చెయ్యి. అప్పుడు ఒక్క చూపులోనే అందదని అర్థమవుతుంది, డబుల్ జంప్ వచ్చాక ఒక గడి వెసులుబాటూ ఉంటుంది. ఆ గదిలో ఎగిరే గబ్బిలాన్ని కూడా తీసేయి. గాలిలో ఉండగా దాని దెబ్బ తిన్నవాడు ఆ తోపుకు అరుగు ఎక్కేస్తాడు. ఎక్కితే కొంప మునగదు, వరుస తప్పించి పోయేవాళ్లంటే నాకు ముచ్చటే. కానీ అలా పోయినవాడు తిరిగి రాగలగాలి.

నీ ఇరవై రెండో గదిలో మాత్రం రాలేడు. అక్కడ లోతైన గుంత, అడుగున సేవ్ గది, పైకి రావాలంటే గోడ ఎక్కగలగాలి. ఆ శక్తి దొరికేదేమో ఇరవై నాలుగులో. తొందరపడి దూకి సేవ్ చేసుకున్నవాడి ఆట అక్కడే సమాధి. ఇలా ముందుకూ వెనక్కూ పోలేక ఇరుక్కుపోయే సాఫ్ట్‌లాక్ పట్టుకోవడానికి నేను ఇప్పటికీ కాగితమే వాడతాను. వెనక్కి ఎక్కలేని ప్రతి దూకుడుకూ ఒక బాణం గీసి, అక్కడికి చేరడానికి చాలిన కనీస శక్తులేవో దాని పక్కన రాస్తాను. ఆ శక్తులతోనే బయటి దారి వేలితో వెతుకుతాను. వేలు ఆగిన చోట తప్పు ఉన్నట్టే. నీ మ్యాప్‌లో అలాంటి బాణాలు ఐదు వచ్చాయి, నాలుగింటికి దారి ఉంది.

దారి తెలియక తికమకపడతారని భయంగా ఉందని, బాణం గుర్తు పెట్టమంటారా అని అడిగావు. నా రెండో ఆటకు డబ్బు పెట్టిన సంస్థలోని నిర్మాత కూడా ఇదే పట్టు పట్టాడు. "అందరూ పెడుతున్నారు" అన్నది అతని ఒకే వాదన. పెట్టాను. ఆ తరువాత ప్లేటెస్ట్‌లో జనం తెర మూలన ఉన్న బాణాన్నే చూస్తూ నడిచారు. దారిలో చూపించిన తలుపుల్లో ఏవి గుర్తున్నాయని అడిగితే ఒక్కటీ చెప్పలేకపోయారు. తలుపులు గుర్తులేనివాడికి శక్తి దొరికినా సంబరం ఉండదు. ఎక్కడి నుంచైనా ఎక్కడికైనా ఎగిరిపోయే ఫాస్ట్ ట్రావెల్ కూడా ఇదే జబ్బుకు ఇంకో పేరు. ఉంగరాలు సరిగ్గా గీయలేనివాళ్లు దాన్ని మొదటి గంటలోనే ఇచ్చేస్తున్నారు. చివరి మూడో వంతులో నాలుగైదు చోట్ల పెడితే నాకూ అభ్యంతరం లేదు.

అన్ని గేట్లనూ దగ్గరకు లాక్కురమ్మని నేను అనడం లేదు. ముందుకు పోయే దారి ఒక్కటీ దగ్గరలో ఉంటే చాలు. ఆరో గదిలో, పదకొండో గదిలో నువ్వు దాచిన ప్రాణశక్తి గిన్నెలు అలాగే దూరంగా ఉండనీ. వాటి కోసం నడిచేవాడు ఇష్టపడి నడుస్తాడు, ఆ నడకకు ఎవరూ నిన్ను తిట్టరు.

ఏ ఇంజిన్ వాడాలని, బొమ్మలు ఎవరిచేత గీయించుకోవాలని కూడా రాశావు. అవి వేరెవరినైనా అడుగు. ముందు పదో గది మలుపు, నాలుగో గది పైకప్పు, ఇరవై రెండో గది గుంత, ఈ మూడూ తిరిగి గీసి పంపు. ఆ చెక్కపలకలు ఆటగాడు నాలుగో గదిలో అడుగుపెట్టిన వెంటనే తెరలో పడుతున్నాయో లేదో చూసుకుని మరీ పంపు. పైకప్పు అంత ఎత్తున ఉంటే కెమెరా దాన్ని కోసేస్తుందేమోనని నా అనుమానం.

ఆశీస్సులతో.